ఏబీ2 నా, మిడ్‌పాయింటా, మూడో ఆర్డర్ పద్ధతా? ఒక్క మీటతో తేల్చుకుందాం

y′ = f(t, y) అనే డిఫరెన్షియల్ ఈక్వేషన్‌ని అంకెలతో సాధించాలి. f ని లెక్కగట్టడం ఖరీదైన పని, అందుకని ఒక స్టెప్‌కి ఒక్కసారే పిలవాలనుకున్నారు. అప్పుడు చూపు సహజంగానే మల్టీస్టెప్ పద్ధతుల మీదికి వెళ్తుంది, ఎందుకంటే ఇవి పాత స్టెప్పుల్లో వచ్చిన f విలువలను పారేయకుండా మళ్లీ వాడుకుంటాయి. పుస్తకం తెరవగానే ఆడమ్స్-బాష్‌ఫోర్త్ కనిపిస్తుంది. కాస్త ఆలోచించేవాళ్లకు వెంటనే ఒక అనుమానం రావాలి. రెండు పాత బిందువులు చేతిలో ఉన్నప్పుడు, ఆడమ్స్-బాష్‌ఫోర్త్ రెండో ఆర్డర్ దగ్గరే ఎందుకు ఆగిపోతోంది? అవే రెండు బిందువులతో మూడో ఆర్డర్ తెచ్చే ఫార్ములా ఉంది కదా, దాన్ని వదిలేయడం దేనికి?

ఈ ప్రశ్నకు జవాబు దొరికితే పద్ధతి ఎంచుకోవడం సగం పూర్తయినట్టే. జవాబు ఇచ్చినవాడు స్వీడన్‌కి చెందిన జెర్మండ్ డాల్‌క్విస్ట్, 1956లో. ఆడమ్స్ పద్ధతులు అప్పటికే పాతవి. నెప్ట్యూన్ ఉనికిని లెక్కలతో ఊహించిన జాన్ కౌచ్ ఆడమ్సే వీటినీ కనిపెట్టాడు, ద్రవపు చుక్కల ఆకారం లెక్కగట్టడానికి. అవి 1883లో బాష్‌ఫోర్త్ పుస్తకంలో అచ్చయ్యాయి. అంటే అవి బాగా పనిచేస్తాయని డెబ్భై ఏళ్లకు పైగా తెలుసు. పక్కనే ఉన్న కొన్ని ఫార్ములాలు ఎందుకు పేలిపోతాయో సిద్ధాంతంగా తేలింది మాత్రం డాల్‌క్విస్ట్ చేతిలో.

మూడూ ఒకే కుటుంబం

రెండు స్టెప్పుల ఎక్స్‌ప్లిసిట్ పద్ధతుల్లో కనీసం రెండో ఆర్డర్ ఉన్నవన్నీ ఒకే ఫార్ములాలో ఇమిడిపోతాయి. అందులో h స్టెప్ సైజ్, `a` అనే ఒక్క మీట ఉంటుంది:

```
y[n+2] = (1+a)*y[n+1] - a*y[n] + h*( (3-a)/2*f[n+1] - (1+a)/2*f[n] )
```

a = 0 పెడితే ఆడమ్స్-బాష్‌ఫోర్త్ రెండో ఆర్డర్ పద్ధతి, అంటే ఏబీ2, వస్తుంది: ఒకటిన్నర రెట్లు కొత్త f, అందులోంచి అర వంతు పాత f తీసివేత. a = −1 పెడితే మిడ్‌పాయింట్ పద్ధతి, అదే లీప్‌ఫ్రాగ్, వస్తుంది. అందులో పాత f మాయమైపోయి `y[n+2] = y[n] + 2*h*f[n+1]` మాత్రమే మిగులుతుంది. a = −5 పెడితే మనల్ని ఊరించే మూడో ఆర్డర్ ఫార్ములా వస్తుంది:

```
y[n+2] = -4*y[n+1] + 5*y[n] + h*(4*f[n+1] + 2*f[n])
```

ఒక్కో స్టెప్‌లో పడే తప్పులో ముఖ్యభాగాన్ని టేలర్ విస్తరణతో తీస్తే (5+a)/12 సార్లు h³y‴ అని వస్తుంది. ఏబీ2కి అది 5/12, మిడ్‌పాయింట్‌కి 1/3, a = −5 దగ్గర సున్నా. ఈ ఒక్క లెక్కనే నమ్ముకుంటే మీటను ఎడమవైపు చివరిదాకా లాగేయడమే తెలివైన పని అనిపిస్తుంది. ఒకసారి లాగి చూద్దాం.

అంకెల్లో చూస్తే

y′ = −y, y(0) = 1 తీసుకుందాం. h = 0.1, గమ్యం t = 1. రెండో ఆరంభ విలువలో ఏ అనుమానమూ లేకుండా కచ్చితమైన e^(−0.1) నే ఇచ్చేద్దాం. అప్పుడు ఏబీ2 లెక్క `0.85*y[n+1] + 0.05*y[n]` అవుతుంది, a = −5 ది `-4.4*y[n+1] + 4.8*y[n]` అవుతుంది. కాలిక్యులేటర్‌తోనే చేసుకోవచ్చు.

| t | కచ్చితమైన విలువ | a = 0 (ఏబీ2) | a = −5 |
|---|---|---|---|
| 0.2 | 0.81873 | 0.81911 | 0.81872 |
| 0.5 | 0.60653 | 0.60761 | 0.60820 |
| 0.7 | 0.49659 | 0.49791 | 0.54377 |
| 0.9 | 0.40657 | 0.40801 | 1.73458 |
| 1.0 | 0.36788 | 0.36934 | −6.67704 |

మొదటి వరుస చూడండి. అక్కడ మూడో ఆర్డర్ పద్ధతి తప్పు ఏబీ2 తప్పులో దాదాపు పాతికో వంతే. అక్కడే ఆపి రిపోర్టు రాసేస్తే అదే గెలిచినట్టు. కానీ ఆ చిన్న తప్పు ప్రతి స్టెప్‌కీ గుర్తు మార్చుకుంటూ, అయిదు రెట్ల పైచిలుకు పెరుగుతూ పోయింది. చివరికి 0.37 రావాల్సిన చోట మైనస్ 6.7 వచ్చింది.

అందరికీ వచ్చే ఆలోచనే: స్టెప్ పెద్దదైంది, తగ్గిద్దాం. h = 0.05 తో చేస్తే ఏబీ2 తప్పు 0.00146 నుంచి 0.00038కి, అంటే ఇంచుమించు నాలుగో వంతుకు పడిపోతుంది. రెండో ఆర్డర్ అంటే అదే. a = −5 మాత్రం t = 1 దగ్గర మైనస్ 46 లక్షల పైచిలుకు చూపిస్తుంది. స్టెప్ తగ్గించేకొద్దీ ఇంకా ఘోరం.

జబ్బును గుర్తుపట్టే లక్షణం ఇదే. మామూలుగా స్టెప్ పెద్దదై పేలిపోయే పద్ధతి, స్టెప్ తగ్గిస్తే దారికొస్తుంది. స్టెప్ తగ్గిస్తే ఇంకా త్వరగా పేలేది, అందులోనూ ఒక స్టెప్ ప్లస్, ఒక స్టెప్ మైనస్‌గా ఊగుతూ పేలేది అయితే, తప్పు మీ స్టెప్ సైజ్‌లో లేదు, ఫార్ములాలోనే ఉంది.

అయిదు రెట్లు ఎక్కడి నుంచి వచ్చింది

ఫార్ములాలో h ని సున్నా చేయండి. f మొత్తం పోతుంది. మిగిలేది `y[n+2] = (1+a)*y[n+1] - a*y[n]`. జీరో స్టెబిలిటీలో ఉన్న ‘జీరో’ ఈ h = 0 యే. y[n] బదులు zⁿ పెడితే (z − 1)(z − a) = 0 వస్తుంది. z = 1 అసలు జవాబును మోసే రూట్. రెండోది z = a, మనం అడగకుండా వెంట వచ్చిన పరాన్నజీవి. ఈక్వేషన్ మొదటి ఆర్డర్‌దే అయినా, మనం రెండు స్టెప్పుల ఫార్ములా వాడాం కాబట్టి రెండో రూట్ వచ్చి కూర్చుంది. ఆరంభంలో ఎంత చిన్న తప్పు ఉన్నా, చివరికి కంప్యూటర్ రౌండింగ్ తప్పయినా, దాంట్లో ఒక ముక్క ఈ రూట్ ఖాతాలోకి వెళ్లి aⁿ లెక్కన నడుస్తుంది. a = −5 అయితే అది 5ⁿ. h = 0.1 ఉన్నప్పుడు f ప్రభావం కూడా కలిసి ఆ రూట్ −5.305 అయింది, అంతే తేడా.

జీరో స్టెబిలిటీ ఉండాలంటే రూట్‌లకు డాల్‌క్విస్ట్ పెట్టిన షరతును రెండు ముక్కల్లో చెప్పొచ్చు. రూట్‌లన్నీ యూనిట్ సర్కిల్ లోపల గానీ దాని మీద గానీ ఉండాలి. సర్కిల్ మీద ఉన్న ఏ రూట్ కూడా రెండుసార్లు రాకూడదు. మన మీటకు దీని అర్థం: a ఎక్కడైనా ఉండొచ్చు, −1 నుంచి 1 లోపు, −1 పనికొస్తుంది, 1 పనికిరాదు. a = 1 దగ్గర రెండు రూట్‌లూ 1 మీదే కలిసిపోతాయి, అప్పుడు తప్పు n లెక్కన పెరుగుతుంది. 5ⁿ తో పోలిస్తే అది మెల్లటి విషం, కానీ విషమే.

కన్సిస్టెన్సీ విడిగా చాలదు, స్టెబిలిటీ విడిగా చాలదు

కన్సిస్టెన్సీ అంటే ఒక్క స్టెప్ వరకు చూస్తే ఫార్ములా మన ఈక్వేషన్‌నే అనుకరిస్తోందని. a = −5 కి అది పుష్కలంగా ఉంది, మూడో ఆర్డర్ కూడా ఉంది. అయినా కన్వర్జెన్స్ లేదు. దీనికి ఎదురు కేసు నాకు ఒకసారి నా కోడ్‌లోనే ఎదురైంది. ఏబీ2లో −0.5 బదులు −0.4 టైప్ చేశాను. రూట్‌లు 1, 0 అలాగే ఉన్నాయి, అంటే జీరో స్టెబిలిటీకి ఏ లోటూ రాలేదు. గ్రాఫ్ నున్నగా వచ్చింది, ఎక్కడా ఊగలేదు. h తగ్గించాను, జవాబు చక్కగా ఒక చోట స్థిరపడింది. 0.3679 దగ్గర కాదు, 0.3329 దగ్గర.

కారణం సులువే. f ముందున్న గుణకాల మొత్తం 1.5 − 0.5 = 1 రావాలి. నాది 1.1 అయింది. అంటే నా ప్రోగ్రామ్ y′ = −1.1y అనే వేరే ఈక్వేషన్‌ని ఎంతో శ్రద్ధగా సాధిస్తోంది, e^(−1.1) వైపు వెళ్తోంది. పేలిపోయే తప్పు కనీసం కేకేసి చెబుతుంది. ఇది నవ్వుతూ అబద్ధం చెబుతుంది, అందుకే నాకు దీని భయమే ఎక్కువ. పట్టుకునే దారి ఒక్కటే: జవాబు ముందే తెలిసిన ఈక్వేషన్ మీద నడపడం. y′ = 1 చాలు. t = 1 కి y కచ్చితంగా 1 పెరగకపోతే గుణకాలు తప్పు.

ఇక సిద్ధాంతం: లీనియర్ మల్టీస్టెప్ పద్ధతి కన్వర్జ్ కావాలంటే కన్సిస్టెన్సీ, జీరో స్టెబిలిటీ రెండూ ఉండాలి, రెండూ ఉంటే చాలు. కన్వర్జెన్స్ అంటే ఇక్కడ f మామూలుగా నునుపైనది ఏదైనా సరే, ఆరంభ విలువలు h తో పాటు అసలు విలువకు చేరేవి ఏవైనా సరే, h సున్నాకు పోతుంటే జవాబు అసలు జవాబుకు చేరాలని.

‘ఉండాలి’ అనే సగాన్ని మూడు చిన్న ఈక్వేషన్లతో పరీక్షించి ఒప్పుకోవచ్చు. y′ = 0, y(0) = 0 తీసుకుని ఆరంభ విలువల్లో h అంత తప్పు పెట్టండి. రూట్ సర్కిల్ బయట ఉంటే h మీద 5ⁿ గెలుస్తుంది, జవాబు సున్నాకు చేరదు. కాబట్టి రూట్ షరతు తప్పదు. y′ = 0, y(0) = 1 కి జవాబు ఎప్పుడూ 1 గా నిలవాలంటే z = 1 ఒక రూట్ అయి తీరాలి. y′ = 1 కి y సరైన వేగంతో పెరగాలంటే f గుణకాల లెక్క y గుణకాల లెక్కతో సరిపోవాలి. చివరి రెండూ కలిస్తే కన్సిస్టెన్సీయే.

‘చాలు’ అనే సగం వెనక ఆలోచన కూడా కష్టమేం కాదు. పద్ధతి ఆర్డర్ p అయితే ప్రతి స్టెప్‌లో h^(p+1) అంత కొత్త తప్పు పుడుతుంది. రూట్ షరతు ఉంటే, ఏ స్టెప్‌లో పుట్టిన తప్పు అయినా చివరికి చేరేసరికి ఒక స్థిరమైన హద్దు దాటి పెరగదు, ఆ హద్దు h మీద ఆధారపడదు. గమ్యం t = T అయితే మొత్తం స్టెప్పులు T/h. గుణిస్తే hᵖ. పేలే పద్ధతిలో ఆ హద్దు స్థానంలో 5^(T/h) కూర్చుంటుంది. h ని సగం చేస్తే h⁴ పదహారు రెట్లు తగ్గుతుంది, కానీ 5^(T/h) వర్గం అయిపోతుంది. పోటీయే లేదు.

ఇక్కడే మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఉంది. డాల్‌క్విస్ట్ మొదటి అడ్డుగోడ ప్రకారం, జీరో స్టెబిలిటీ ఉన్న k స్టెప్పుల ఎక్స్‌ప్లిసిట్ పద్ధతికి ఆర్డర్ k దాటదు. ఏబీ2 రెండు దగ్గర ఆగడం పిసినారితనం కాదు, అంతకు మించి దొరకదు కాబట్టి.

మరి −1 నుంచి 1 లోపు ఎక్కడ?

సిద్ధాంతం గేటు దాటనిచ్చిన పద్ధతులన్నీ ఒకటే రకం కాదు. ఎంపిక అసలు ఇక్కడ మొదలవుతుంది.

మిడ్‌పాయింట్ గేటు అంచున నిలబడింది, దాని రెండో రూట్ సరిగ్గా −1. కన్వర్జ్ అవుతుంది, సిద్ధాంతం అబద్ధం కాదు. పైగా t = 1 దగ్గర h = 0.1 తో దాని తప్పు 0.00079, ఏబీ2లో సగం. అదే లెక్కను t = 10 దాకా పోనివ్వండి. అసలు విలువ 0.0000454. ఏబీ2 0.0000474 చూపిస్తుంది. మిడ్‌పాయింట్ చూపించేది 1.62! ఎందుకంటే h సున్నా కాకపోయేసరికి రెండో రూట్ −1 నుంచి −1.105కి జారింది; అసలు జవాబు తగ్గుతుంటే పరాన్నజీవి పెరుగుతోంది. h = 0.01 చేసినా 0.0019 దగ్గరే ఉంటుంది. h = 0.001కి గానీ తప్పు నాలుగు శాతానికి రాదు. కన్వర్జ్ అవుతుంది కానీ మన ఓపికకు అందనంత చిన్న h దగ్గర.

ఈ తేడాను కొలవడానికి ఒక చక్కని సూత్రం ఉంది. y′ = −λy లాంటి తగ్గిపోయే జవాబు నిజంగా తగ్గాలంటే, ఈ కుటుంబంలో hλ విలువ 1 + a లోపు ఉండాలి. ఏబీ2కి ఆ హద్దు 1. మిడ్‌పాయింట్‌కి సున్నా, అంటే తగ్గే జవాబుకు సురక్షితమైన h అసలు లేదు. λ = 50 అయితే ఏబీ2కి h 0.02 లోపు చాలు. a = 0.5 పెడితే హద్దు 1.5కి పెరుగుతుంది. దానికి కట్టే మూల్యం కూడా లెక్క తేలుతుంది: చివరికి పేరుకునే తప్పు (5+a) ని 12(1−a) తో భాగిస్తే వచ్చినదానికి అనులోమంగా ఉంటుంది. ఏబీ2కి అది 0.42, a = 0.5కి 0.92, మిడ్‌పాయింట్‌కి 0.17.

కాబట్టి మీటను కుడివైపు తిప్పితే భద్రత పెరిగి నిక్కచ్చితనం తగ్గుతుంది, ఎడమకు తిప్పితే దీనికి తిరగబడి. ఏబీ2 పరాన్నజీవి రూట్‌ని సరిగ్గా సున్నాలో పెట్టింది. పాత తప్పు ఒక్క స్టెప్‌లోనే చచ్చిపోతుంది. ఆడమ్స్ కుటుంబం మొత్తం చేసేది ఇదే: ఎన్ని స్టెప్పులైనా z = 1 తప్ప మిగతా రూట్‌లన్నీ సున్నాలోనే. అందుకే ఏ ఆర్డర్ తీసుకున్నా జీరో స్టెబిలిటీ ఉచితంగా వస్తుంది.

ఏ తరహా ఈక్వేషన్‌ అన్నదాన్ని బట్టి నా సలహా ఇది. జవాబులో ఏ మాత్రం డ్యాంపింగ్ ఉన్నా మిడ్‌పాయింట్ జోలికి పోవద్దు, ఏబీ2 తీసుకోండి. డ్యాంపింగ్ అసలు లేకుండా శుద్ధంగా ఊగే వ్యవస్థ అయితే లెక్క తారుమారవుతుంది. hω 1 లోపు ఉన్నంతవరకు మిడ్‌పాయింట్ రెండు రూట్‌లూ సర్కిల్ మీదే ఉండి, ఊగే ఎత్తును నిలబెడతాయి. ఏబీ2 అక్కడ ఎత్తును కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతుంది. ఊగడమూ డ్యాంపింగూ కలిసి ఉంటే నేను ఏబీ3కి వెళ్తాను. hω సుమారు 0.72 దాకా దానికి ఇబ్బంది లేదు, తగ్గే జవాబులకు హద్దు 6/11.

ఏబీ2 చాలా, ఏబీ4 కావాలా?

ఆర్డర్ పెంచితే హద్దు కుంచించుకుపోతుంది: ఏబీ2కి 1, ఏబీ3కి 0.55, ఏబీ4కి 0.3. రుంగె-కుట్టా నాలుగో ఆర్డర్‌కి సుమారు 2.79, కానీ స్టెప్‌కి నాలుగుసార్లు f ని పిలుస్తుంది. ఒక్క పిలుపుకు 0.70. అంటే h ని కట్టడి చేస్తున్నది స్టెబిలిటీ అయితే ఏబీ4 ఓడిపోతుంది, ఏబీ2 చౌక. h ని కట్టడి చేస్తున్నది నిక్కచ్చితనం అయితే, అంటే జవాబు నునుపుగా ఉండి పది అంకెలు కావాలంటే, ఏబీ4 గెలుస్తుంది. λ మరీ పెద్దదై h నలిగిపోతుంటే వీటిలో ఏదీ వద్దు, ఇంప్లిసిట్ పద్ధతి చూసుకోండి. స్టెప్ సైజ్‌ని మధ్యలో తరచూ మార్చాలంటే రుంగె-కుట్టాయే హాయి, ఎందుకంటే పైన చెప్పిన గుణకాలన్నీ స్టెప్పులు సమానంగా ఉన్నప్పటివే.

ఏదైనా కొత్త ఫార్ములా చేతికి వస్తే, నమ్మే ముందు నేను దీన్ని నడుపుతాను:

```python
from math import exp

def run(a, h, T):
    y0, y1 = 1.0, exp(-h)
    for _ in range(round(T/h) - 1):
        f0, f1 = -y0, -y1
        y0, y1 = y1, (1+a)*y1 - a*y0 + h*((3-a)/2*f1 - (1+a)/2*f0)
    return y1

for a in (0, -1, -5):
    print(a, [run(a, h, 1) - exp(-1) for h in (0.1, 0.05, 0.025)])
```

వరసగా వచ్చే మూడు తప్పుల నిష్పత్తి చూడండి. h సగమైనప్పుడు తప్పు ఇంచుమించు నాలుగో వంతవుతుంటే రెండో ఆర్డర్ ఉన్నట్టు. తప్పు ఒక చోట ఆగిపోయి ఇక తగ్గకపోతే కన్సిస్టెన్సీ పోయింది. పెరుగుతుంటే జీరో స్టెబిలిటీ లేదు. తర్వాత T ని 10 చేసి మళ్లీ చూడండి, మిడ్‌పాయింట్ లాంటివి అప్పుడే బయటపడతాయి.

ఏబీ4 వాడేటప్పుడు ఇంకో మెలిక ఉంది. దానికి y(0) కాక మరో మూడు ఆరంభ విలువలు కావాలి. వాటిని ఆయిలర్‌తో తెచ్చుకుంటే ఆ మూడింట్లోనూ h² స్థాయి తప్పు ఉంటుంది. జీరో స్టెబిలిటీ ఆ తప్పును పెరగనివ్వదు, కానీ తగ్గించదు కూడా. అది అలాగే చివరిదాకా ప్రయాణిస్తుంది, నాలుగో ఆర్డర్ పద్ధతి రెండో ఆర్డర్‌లా నడుస్తుంది. స్టెప్ సగం చేసినప్పుడు తప్పు 16 రెట్లు తగ్గాల్సింది 4 రెట్లే తగ్గుతుంటే, గుణకాలను తిరగేసే ముందు ఆ మొదటి మూడు విలువలను రుంగె-కుట్టా నాలుగో ఆర్డర్‌తో తెచ్చి చూడండి. ఏబీ2కి మాత్రం ఈ బెడద లేదు; ఒక్క ఆయిలర్ స్టెప్‌తో మొదలుపెట్టినా రెండో ఆర్డర్ చెక్కుచెదరదు.